నాలుగో బేరింగ్

నజీర్ ఇరవై ఆరేళ్లుగా బేరింగ్‌లు ఎక్కించే ఫిట్టర్. గోదావరిఖనిలో సంపత్ వర్క్‌షాపులో, బొగ్గు పొడి పడి బూడిద రంగుకు తిరిగిన కిటికీ పక్కన అతని బల్ల. బేరింగ్‌ను సుత్తితో కొట్టి ఎక్కించడం అతను ఎన్నడూ చేయలేదు. నూనె తొట్టిలో మెల్లగా వేడి చేస్తాడు. థర్మామీటరు నూట పది డిగ్రీలు దాటనివ్వడు. వేడికి కాస్త విచ్చుకున్న బేరింగ్ ఇరుసు కడ్డీ మీదికి జారి, చల్లారుతూ దాన్ని పట్టుకుంటుంది.

జైపూర్ దారిలోని బొగ్గు యార్డులో అతను రెండు బేరింగ్‌లు ఎక్కించిన కన్వేయరు డ్రమ్ము నలభై రోజులకే ఆగిపోయింది. ఒక బేరింగ్ మాడి నీలిరంగుకు తిరిగింది.

ఆ సరుకు హైదరాబాదు డీలరు నుంచి వచ్చింది. ఒకే లాటులో నాలుగు. రెండు యార్డుకు పోయాయి, ఒకటి నస్పూర్‌లో సదానందం కంకర మిల్లుకు. ఇంకొకటి మైనపు కాగితం విప్పకుండా అల్మరాలో ఉంది. సంపత్ దాని పెట్టె, ముద్రలు, సంఖ్యలు అన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి తయారీ కంపెనీకి పంపాడు. మరునాడు జవాబు వచ్చింది.

"నకిలీ గుర్తులేం లేవన్నరు నజీర్ భాయ్," అన్నాడు సంపత్, కళ్లు ఫోన్ మీదే ఉంచి. "మాల్ మంచిదే. మరి తప్పు యాడున్నట్టు?"

"నా చేతిలున్నదంటవ్."

"యార్డోళ్లంటున్నరు. నూనె ఎక్కువ కాగితే ఉక్కు మెత్తబడ్తదట గద."

"పడ్తది. నేను కాగబెడ్తనా గట్ల? ఇరవై ఆరేండ్లల్ల ఒక్కపారి చూసినవా?"

"యార్డోళ్లు ఫోన్‌ల నీ ముచ్చట ఇంటరా! రేపటి పని పోశం చేస్తడు. గీ లొల్లి సల్లారేదాకా నువ్వు పాత మిషన్లు విప్పుడు పని చూస్కో."

పోశం పక్క బల్ల దగ్గరి ఫిట్టర్. అతను తల ఎత్తలేదు.

నజీర్ ఫోన్ అడిగి తీసుకుని, ఇంగ్లీషులో ఉన్న ఆ జవాబును చివరి దాకా పోశంతో చదివించుకున్నాడు. ఫొటోలలో నకిలీ గుర్తులు కనిపించలేదని మొదటి వాక్యం. ఫొటోలను బట్టి అసలుదని చెప్పలేమని, వస్తువు చేతికి అందాలని రెండో వాక్యం. సంపత్ మొదటిదానితో ఆగిపోయాడు.

మోటు నకిలీని ఫొటో పట్టిస్తుంది. అక్షరం వంకరగా ఉంటుంది, పెట్టె రంగు వెలిసి ఉంటుంది. ఇది అలాంటిది కాదు. అసలు బేరింగ్‌ను ముందు పెట్టుకుని గీత గీతా దించితే, దాని సంఖ్యే దీనిమీద చెక్కితే, ఆ సంఖ్యను వెతికిన వాళ్లకు అసలుదే దొరుకుతుంది. ఫొటో తీసే వెలుతురు ఉక్కు పైనుంచి తిరిగి వచ్చేస్తుంది. లోపలికి పోదు.

నజీర్ మైనపు కాగితం విప్పాడు. తూచాడు, బరువు సరిపోయింది. మైక్రోమీటరుతో వెడల్పు చూశాడు. రోలర్ల సందులో సన్నని రేకు దూర్చి ఖాళీ కొలిచాడు. వేలితో తిప్పితే నీళ్ల మీద ఆకు తిరిగినట్టు తిరిగింది. ఏ తప్పూ దొరకలేదు.

"చేతికి గూడ దొరుకతలేదు," అన్నాడు. "కోసి సూడాలె. హైదరాబాద్ ల్యాబుకు పంపు."

"కొత్తదాన్ని కోస్తవా? పిచ్చి గిట్ల లేసిందా? మాడినదాన్నే పంపరాదు, ఎట్లయినా పోయిందేనాయె!"

"అది మాడింది. మెత్తగుంటె నా నూనెకు మెత్తబడ్డదో, మాడంగ మెత్తబడ్డదో, పుట్టుకతోనే గట్లున్నదో ఎట్ల తెలుస్తది? ఇది నూనె ముఖం సూడలే. దీని మీద నా చెయ్యి లేదు."

సంపత్ బేరింగ్‌ను పెట్టెలో పెట్టించి పార్సిల్ రాయించాడు.

పదకొండు రోజులు నజీర్ పాత గేరుబాక్సులు విప్పి కిరోసిన్‌తో కడిగాడు. యార్డు మనుషులు వచ్చినప్పుడు లోపలి గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

నివేదిక ఒక పేజీ. రింగును కోసి కొలిచిన గట్టిదనం నలభై తొమ్మిది. మంచి బేరింగ్‌కు అది యాభై ఎనిమిదికి తగ్గకూడదు. ఉక్కులో క్రోమియం ఉండవలసినదాంట్లో సగం కూడా లేదు. ఏ నూనె వేడీ ఉక్కులోంచి క్రోమియం తీసివేయలేదు.

సంపత్ దాన్ని ఈసారి అడుగు దాకా చదివాడు. యార్డుకు ఫోన్ చేసి నజీర్ పేరు చెప్పాడు, తప్పు అతనిది కాదని చెప్పాడు. ఫోన్ పెట్టేసి, "రేపటి సంది నీ పని నువ్వు చేస్కో భాయ్," అన్నాడు.

"రేపు రాను. నస్పూర్ పోవాలె. మిల్లు ఆపుమని సదానందం కాకకు చెప్పు."

"వాళ్లది మంచిగ నడుస్తాంది. ఒక్క ఫిర్యాదు లేదు. ఎందుకు కదిలిస్తవ్? మనమే గెలిక్కున్నట్టయితది."

"యార్డుది గూడ నలభై రోజులు మంచిగనే నడిచింది," అన్నాడు నజీర్. "ఎక్కిచ్చింది నేను. దించేది గూడ నేనే."

అతను బేరింగ్ లాగే పుల్లరును, పానాలను సంచిలో సర్దుకున్నాడు. సంపత్ సదానందం నంబరు కోసం ఫోన్‌లో వెతికాడు.