పోటీ లేదని రాసిన కాగితం

నల్లపాడులో మా అక్క ఇంటి గుమ్మం నుంచి మంగళగిరిలోని డిజైన్ ఆఫీసు మెట్ల వరకు నా బండి మీటరు ప్రకారం ఇరవై ఆరున్నర కిలోమీటర్లు. ఆ సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి బయలుదేరి పదింటికి ఐదు నిమిషాల ముందు చేరాము. శనివారం సాయంత్రం ఐదింటికల్లా అక్క కారప్పొడికి పేరు ఖాయం కావాలి. కవర్లు ముద్రించేవాళ్ళు ఆ పేరును అచ్చు వేసే సిలిండర్ల మీద చెక్కిస్తారు. చెక్కాక మార్చాలంటే కొత్త సిలిండర్లు చేయించుకోవలసిందే.

పేర్లు సూచించే బాధ్యత ఆ ఆఫీసులోని డిజైనరుది. ముందుగా ఒక పేజీ బ్రీఫ్ పంపమంది: కొనేవాళ్ళెవరు, పేరు ఏ ధోరణిలో వినిపించాలి, పోటీ సరుకులేవి. నేను వృత్తిరీత్యా ఇంజనీరును. కాబట్టి పదకొండు పేజీలు రాశాను. అందులో మిరపపొడి తేమ శాతం, జల్లెడ కన్నాల కొలత ఉన్నాయి. ఆమె అడిగిన మూడింటికి మాత్రం అక్క చెప్పినట్టే ఒక్కో వాక్యం కేటాయించాను.

"కొనేవాళ్ళా? కారం తినేవాళ్ళందరూ అని రాయి."

"ధోరణి?"

"సంప్రదాయంగా ఉండాలి, కొత్తగానూ ఉండాలి."

"పోటీ?"

అక్క నా వంక జాలిగా చూసింది. "ఒరేయ్, గుంటూరు కారానికి పోటీ ఏంట్రా? లేదని రాయి."

రాశాను. మా ప్రాంతంలో పుట్టినవాడెవడూ ఆ వాక్యాన్ని కొట్టివేయలేడు.

డెబ్బై రెండు పేర్లు వచ్చాయి. దేవతల పేర్లు పంతొమ్మిది, నిప్పు, మంట పద్నాలుగు, అమ్మ, అమ్మమ్మ, నానమ్మ కలిపి పదకొండు. మిగిలినవాటిలో స్వచ్ఛత పొంగిపొర్లింది. రెండు పేర్లయితే మా వీధి చివరి కొట్టులో అప్పటికే ప్యాకెట్ల మీద ఉన్నాయి. అందుకే మంగళగిరి ప్రయాణం.

"ఆ అమ్మాయికి చేతకాదురా," అంది అక్క మెట్లెక్కుతూ.

డిజైనరు పదకొండు పేజీలనూ బల్ల మీద సర్ది పెట్టింది. "సార్, జల్లెడ గురించి చాలా తెలుసుకున్నానండి. కొనేవాళ్ళ గురించే తెలియలేదు. అందరికీ అన్నారు కాబట్టి అందరికీ పనికొచ్చేవే పంపాను." తర్వాత అక్క వైపు తిరిగింది. "మేడమ్, ఇప్పటిదాకా ఉత్త కవర్లలో అమ్మారు కదా. ఎవరు కొన్నారండి?"

అక్కకు ప్రతి కవరూ గుర్తే. మళ్ళీ మళ్ళీ కొనే పన్నెండు మందిలో తొమ్మిది మంది హైదరాబాదులో, బెంగళూరులో అద్దె గదుల్లో వండుకునే ఉద్యోగస్తులు. వాళ్ళకు కూర ఎర్రగా ఉండాలి, కానీ మరునాడు ఆఫీసులో కడుపు పట్టుకుని కూర్చోకూడదు.

"వాళ్ళకు ఏం చెప్పి అమ్ముతారు?"

"ఏం చెబుతానమ్మా? అర చెంచా చాలు, ఎక్కువేసుకుంటే నా పూచీ లేదంటాను."

ఆమె ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. మధ్యాహ్నం తిరిగొచ్చాక మా వీధి చివరి కొట్టులో పోటీ లేని మా కారానికి ఏడు పోటీ ప్యాకెట్లు కొన్నాను. ఏడూ ఎరుపే. నాలుగింటి మీద దేవతలు, రెండింటి మీద మంటలు, ఒకదాని మీద నవ్వుతున్న అమ్మమ్మ.

"వీటి పక్కన మనది పెడితే నేనే గుర్తుపట్టలేను," అని అక్క ఒప్పుకుంది, నెమ్మదిగా.

ఆ సాయంత్రం రెండో బ్రీఫ్ రాశాము. అర పేజీ. ఎవరికి: అద్దె గదిలో వండుకునే పాతికేళ్ళ మనవాళ్ళకు. ధోరణి: కాస్త ఎగతాళి చేస్తూనే వడ్డించే అక్కలా, దానికింద ఆమె మాట యథాతథంగా. పోటీ: ఏడు పేర్లు, వాటిలా దేవత, మంట, అమ్మమ్మ వద్దని. తేమ శాతం చేరుస్తానన్నాను. అక్క కలం లాక్కుంది.

గురువారం తొమ్మిది పేర్లు వచ్చాయి, ఒక్కోదాని పక్కన ఒక్క వాక్యం కారణం. నాలుగోది 'అర చెంచా'.

"ఇది నా మాటే కదరా. దీనికి ఆ అమ్మాయెందుకు?"

"నువ్వు ఏడాదిగా అంటున్నావు. మనలో ఎవరమూ రాసుకోలేదు."

"నువ్వు జల్లెడ కన్నాలు లెక్కపెడుతున్నావుగా," అంది. కానీ ఆ పేరును మూడుసార్లు పైకి అనుకుని చూసింది. శుక్రవారం ట్రేడ్‌మార్కు జాబితాలో మసాలాలుండే ముప్పయ్యో తరగతిలో వెతికాము. అలాంటి పేరు కనబడలేదు. శనివారం నాలుగుంబావుకు కవర్లవాళ్ళకు పంపాము.

ఖర్చు: రెండు విడతల సూచనలు, మంగళగిరికి ఒక రాకపోక, ఏడు కారం ప్యాకెట్లు, ఆరు రోజులు. నష్టం: పదకొండు పేజీలు, పనికిరాని ఎనభై పేర్లు, పిల్లలిద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి బావగారు తయారుచేసిన ఒక పేరు, దాన్ని వద్దన్నందుకు రెండు పూటలు ఆయన మాతో మానేసిన మాటలు.