నారింజరంగు ఖుబానీలు

పంతొమ్మిదేళ్లు ఆండాలు, నాగమణమ్మ ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుని పనిచేశారు. మీరాలం మండీ వెనక సందులో ప్రేమ్‌రాజ్ సేట్‌కు ఎండుపళ్ల దుకాణం, దాని వెనకే గోదాం ఉన్నాయి. అట్టపెట్టెల్లో వచ్చిన అంజీర్, ఖర్జూరం, ఖుబానీ అనే ఎండు ఆప్రికాట్లను ఏరి, రకాలుగా విడదీయడం వాళ్ల పని. ఇద్దరిదీ గౌలిపురే. పొద్దున కలిసి నడిచొచ్చేవారు, సాయంత్రం కలిసే ఇళ్లకు పోయేవారు.

ఆండాలుకు పని నేర్పింది పెద్దదైన నాగమణమ్మే. అంజీర్ మీది తెల్లపొడిని తడివేలితో రుద్ది చూడమనేది. కరిగిపోతే పండులోంచి ఊరిన చక్కెర. నూగులా నిలిచి ముక్కవాసన వేస్తే బూజు. అనుమానమొస్తే పండును చీల్చాలి, లోపల నల్లటి పొడి రాలితే పురుగు పట్టినట్టే. మెత్తటి ఖర్జూరాలను గాలి చొరని డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లో దాచేవాళ్లు. తోలు కింద చక్కెర గడ్డకట్టినా ఫికర్ లేదు గానీ, కల్లు వాసన వస్తే ఆ డబ్బా మొత్తం పారేయాల్సిందే.

రంగు గురించి కూడా ఆమే చెప్పింది.

"తెల్లగ పాలిపోయిన అంజీర్, గీ నారింజరంగు ఖుబానీ, రెండూ గంధకం పొగ తాగినయే. పొగ వెట్టకపోతే పండు నల్లవడ్తది. సూపుకు బాగుండదు గని, రుచి మస్తుంటది."

గిరాకీలు మాత్రం మెరిసేవే అడిగేవారు. పొగ పెట్టని నల్లవి మిగిలిపోయేవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ చెరో రెండు నోట్లో వేసుకునేవారు. పాకం పట్టిన బెల్లంలా ఉండేవి.

నాగమణమ్మకు ఆయాసం. పీల్చే మందు ఎప్పుడూ నడుం దగ్గరే దోపుకునేది. నారింజరంగు ఖుబానీల పెట్టె తెరిచినప్పుడల్లా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగేది. దుమ్ముకేమో అనుకునేది ఆండాలు. ఆ రకం పండు ఆమె ఎన్నడూ నోట పెట్టలేదు. ఖరీదు సరుకని ముట్టదేమో అనుకునేది.

పోయిన ఏడు వానాకాలంలో నాగమణమ్మ టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచాన పడి లేచింది. చూడటానికి వెళ్తూ ఆండాలు గోదాంలో చాలాసేపు నిలబడింది. నల్లవి తీసుకుపోతే ఏరి పారేసినవి తెచ్చిందనుకుంటారేమోనని సిగ్గేసింది. నిగనిగలాడే నారింజరంగు ఖుబానీలు ఒక్కొక్కటీ ఏరి, పొట్లం కట్టించుకుంది.

నాగమణమ్మ పొట్లం విప్పి కాసేపు చూసింది. "గిన్ని మంచియి ఎందుకు దెచ్చినవే" అంది. పక్కన కూతురు అఖిల నవ్వుతూ నిలబడి ఉంది. ఆండాలు ఒకటి నాగమణమ్మ నోటి దగ్గర పెట్టింది, తిన్నదాకా ఊరుకోలేదు. నాగమణమ్మ నాలుగు తిన్నది.

చాయ్ గ్లాసు చల్లారకముందే ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మందు రెండుసార్లు పీల్చినా ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా మారాయి. అఖిల ఆటో పిలుచుకొచ్చింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక డాక్టరమ్మ ఏం తిన్నదని అడిగింది. ఖుబానీలంటే, పెట్టె మీద ఏం రాసి ఉందో చూసి రమ్మంది. ఆండాలు గోదాంకు ఉరికింది. అక్షరాలు రావు, అంకెలొచ్చు. రోజూ తన చేత్తోనే విప్పే పెట్టె. పక్కన చిన్నగా 220 అని ఉంది. వెనక్కి వచ్చి ఆ అంకె చెప్పింది.

"220 అంటే గంధకం పొగ" అంది డాక్టరమ్మ. "అందరికీ ఏం కాదు. ఆయాసం ఉన్నవాళ్లలో కొందరికి పడదు. ఇకమీద ఆ పళ్లు తినొద్దు, ఆ గోదాంలో పని కూడా వద్దు."

నాగమణమ్మ అయిదో రోజు ఇంటికొచ్చింది. ఆండాలు మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, అవి నీకు పడయని ఎరుకేనా?"

"పెట్టె ఇప్పుతెనే గుండెల పట్టేసినట్టయితుండె. తింటే గిట్లయితదని ఎరుక లేదు."

"మరి వద్దనక ఎందుకు తిన్నవ్?"

"నువ్వు ఏరుకొని తెచ్చినవ్. నోటికాడ వెట్టినంక ఎట్ల వద్దంటనే?"

నల్లవే రుచని ఆండాలు నాలుకకు తెలుసు. ఆ ఒక్కరోజు కళ్ల మాట విన్నది.

నాగమణమ్మ మళ్లీ గోదాంకు రాలేదు. దుకాణంలో నారింజరంగు ఖుబానీలు కొనేవాళ్లను ఆండాలు అడగడం మొదలుపెట్టింది, ఇంట్లో ఎవరికైనా ఆయాసముందా అని. ప్రేమ్‌రాజ్ సేట్ మొదట కసిరాడు. సంగతి తెలిశాక అడగనిచ్చాడు.

చలికాలంలో నాగమణమ్మకు దగ్గు ముదిరింది, సంక్రాంతి ముందే ప్రాణం పోయింది. ఊపిరితిత్తులు ఏళ్ల నుంచీ అరిగిపోయాయని, ఆ రోజు తిన్న పళ్లకూ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆండాలు తలూపింది. సగమే నమ్మింది.

పదకొండో రోజు కర్మకు ఆండాలు వాళ్లింట్లో వంటపాత్రలు తోముతుంటే అఖిల వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మ నిన్ను ఒక్క మాట గూడ అనలే చిన్నమ్మా."

"అంటే బాగుండు బిడ్డా" అంది ఆండాలు. గిన్నెను నీళ్లలో ముంచి, ఇంకొకటి అందుకుంది.