చిన్న డబ్బాలో వినిపించని గిటారు

సినిమాలో ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు. రికార్డుకి ప్రొడ్యూసరంటే వినేవాడు. డెబ్బైల్లో నేను చేసిన పని అదే. వినడమే పనిగా ఉన్నవాడు వినకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి.

నలుగురు కుర్రాళ్ల రాక్ బృందం వాళ్లది. ఖాజాగూడ బండల పక్కన ఖాళీగా పడున్న ఒక రాతి కొట్టంలో సాధన చేసేవాళ్లు. ఎంత మోత మోగించినా అడిగేవాళ్లు లేరు. ఆల్బమ్ కూడా అక్కడే రికార్డు చేద్దామన్నాను. నాలుగు ట్రాకుల టేపు యంత్రం, రెండు పెద్ద స్పీకర్లు తెప్పించాను. రాతిగోడలకు తగిలి శబ్దం తిరిగొస్తుంటే బొంతలు, గోనెసంచులు వేలాడదీశాను. పెద్ద డ్రమ్ములో దుప్పటి కుక్కాను. ఏడు నిమిషాల పాటను నాలుగుకి తెగ్గొట్టాను. గాయకుడికి గొంతు అందడం లేదని శ్రుతి దించాను. ఒక్కో పాటా పదిసార్లు వాయింపించి, అందులో ప్రాణమున్న ఒక్కదాన్ని ఉంచాను. నేను ఒక్క వాయిద్యమూ ముట్టుకోలేదు, అయినా ఆ ఆల్బమ్ ఎలా మోగాలో చెప్పింది నేనే.

బేస్ గిటారు వాయించే కుర్రాడిది ఆ ఊరే. నాన్న బండలు కొట్టే మేస్త్రి. బేస్‌కి నాలుగు లావు తీగలు. దాని శబ్దం పాట అడుగున ఉంటుంది, ఉన్నప్పుడు ఎవరూ గమనించరు. అందుకే ఆ తండ్రికి కొడుకు చేసేదేమిటో అంతుబట్టలేదు. ఒక షరతు పెట్టాడు. "రికార్డుల నీ చప్పుడు నా చెవులకు ఇనవడాలె. ఇనవడితే వాయించుకో. లేకుంటే నాతోని రాళ్లకాడికి రా."

నాలుగు ట్రాకులంటే నాలుగు అరలు. డ్రమ్స్, బేస్, గిటారు మూడిట్లో నిండాక వాటిని కలిపి నాలుగో అరలో పోస్తాం. అప్పుడు ఖాళీ అయిన మూడింట్లో గొంతులు, ఇంకో గిటారు పడతాయి. కానీ కలిపాక విడదీయలేం. ఏది ఎంత పైకి, ఎంత కిందికి అన్నది ఆ క్షణంలోనే తేలిపోతుంది.

ఆ ఉదయం తండ్రికి సాయం వెళ్తూ కుర్రాడు నన్ను బతిమాలాడు. "మధ్యాహ్నం వస్త సార్. నేనొచ్చేదాంక కలపకుండ్రి. మా ఇంట్ల చిన్న డబ్బా రికార్డు ప్లేయరుంది, తెస్త. జర దాని స్పీకరుకు తీగ కలిపి, దాంట్ల ఇని కలపుండ్రి. మా నాయిన ఇనేది దాంట్లనే."

సరేనన్నాను. ఓ గంటకే నా తలలో రెండో గిటారు మోగడం మొదలైంది. తొందరేమీ లేదు, యంత్రం ఇంకా వారం మా దగ్గరే ఉంటుంది. నేనే ఆగలేకపోయాను. గది మూలల్లో పెట్టిన పెద్ద స్పీకర్లలో బేస్ గుమ్మని మోగిపోతోంది. స్పీకరు మూలన పెడితే అడుగు శబ్దం ఉబ్బుతుందని నాకు తెలుసు, తెలిసీ మరిచాను. ఎక్కువైందనుకుని బేస్ మీట తగ్గించాను. కలిపేశాను. పాత మూడు ట్రాకులు చెరిపి, వాటి మీద అప్పటికప్పుడే మిగతా ముగ్గురితో కొత్త గిటారు, గొంతులు ఎక్కించాను.

మధ్యాహ్నం అతను డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. "కలిపిండ్రా సార్? ఇసొంటి చిన్న దాంట్ల ఏదన్న ఇన్నరా?"

"ఇంకో చిన్న స్పీకర్లో విన్నానయ్యా. బాగా వస్తోంది," అన్నాను.

అంత నున్నగా అబద్ధమాడాను.

రికార్డు అచ్చయి వచ్చాక వాళ్లింటికి పిలిచారు. అరచేతంత స్పీకరున్న ఆ డబ్బాలో ముల్లు పెట్టారు. డ్రమ్స్ వచ్చాయి, గిటార్లు అరిచాయి, గొంతు వచ్చింది. అడుగు శబ్దం సరిగా పలకని ఆ చిన్న స్పీకర్లో, నేను తగ్గించిన బేస్ మాత్రం లేదు. మంద్రస్థాయి మీట పెంచితే పెద్ద డ్రమ్మే లేచింది. ఆ పెద్దాయన రాతిదుమ్ము పట్టిన చెవిని స్పీకరుకి ఆనించాడు. పాటంతా అలాగే కూర్చున్నాడు. ముల్లు మళ్లీ మొదటికి పెట్టించాడు.

"ఏడున్నవ్ రా బిడ్డా?" అన్నాడు చివరికి. వెటకారం లేదు, నిజంగానే వెతుకుతున్నాడు.

కుర్రాడు నా వంక చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది, అది అతని మొహంలో కనిపించింది. నేను చెప్పాల్సింది ఒక్క మాటే: గట్టిగా వాయించాడండీ, నేనే తగ్గించాను. అది చెప్పకుండా రికార్డు అట్ట తిరగేశాను.

అతనే మాట్లాడాడు. "నేనే మెల్లగ వాయించిన నాయినా."

పెద్దాయన తలూపాడు. "గట్లనా. ఇగ రేపట్నుంచి పనికి రా మరి." నా వైపు తిరిగి, "మా వోనికి చేతకాకున్నా పాటల పెట్టుకున్నరు, మీ దయ సారూ," అని చేతులు జోడించాడు.

నేనూ తిరిగి దండం పెట్టి, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.