పై పెదవి మీద పలక రంగు

ఒక మహాయుద్ధం కథ చెబుతాను. మంటలున్నాయి, కన్నీళ్ళున్నాయి, చివర్లో ఓటమి కూడా ఉంది. కాకపోతే యుద్ధభూమి రెండు వేళ్ళ వెడల్పు. నా పై పెదవి.

పాత బడిలో పిల్లలు నన్ను ‘మీసాల మేడం’ అనేవాళ్ళు. కొమరోలు దగ్గర ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికినప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే, ఆ పేరు నాతోపాటు బస్సెక్కకూడదు. సోమవారం చేరాలి. ఆదివారం పొద్దున గిద్దలూరులో ఒక అక్క తన ఇంటి ముందు గదిలో నడిపే పార్లర్‌కు పోయినాను.

అక్క దారం కొస పళ్ళతో పట్టుకొని, నాలుకతో పెదవిని లోపలినుంచి బిగించమనింది. దారం మెలి తిరిగినప్పుడల్లా నేను ఒకసారి తుమ్మి, ఒకసారి ఏడ్చినాను.

“వ్యాక్స్ అయితే ఒక్క దెబ్బకు పోయేది గదా అక్కా?”

“పోతుంది, పైతోలుతో సహా. మొటిమలకు క్రీము రాస్తున్నానన్నావే, దాని మీద వ్యాక్సు పెట్టకూడదు.”

“మిగిలిన నూగుకు బ్లీచ్?”

“ఈరోజు వద్దు పాపా. చర్మం పచ్చిగా ఉంది. రెండు రోజులాగి, ముందు చెవి వెనక కొంచెం రాసి చూడు. ఇప్పుడు ఐసు పెట్టుకో. ఎండలో తిరగొద్దు. నిమ్మకాయ జోలికి అసలు పోవద్దు.”

బుద్ధిగా తలూపినాను. ఇంటికొచ్చి అద్దంలో చూస్తే ఆ నూగు ఇంకా కనిపిస్తానే ఉంది. రెండు రోజులాగితే మంగళవారం, నేను చేరేది సోమవారం. బ్లీచ్ కలిపి రాసేసినాను. మూడో నిమిషానికే పెదవి మీద మిరపపొడి చల్లినట్టయింది. కడిగేసరికి ఎర్రగా వాచింది.

మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, పసుపులో నిమ్మరసం పిండి తెచ్చింది.

“అక్క వద్దనింది జేజీ.”

“గొర్రెల పుండ్లు మాన్పిన చేయి ఇది. గొర్రె కంటే నువ్వెక్కువా ఏంది?”

మూతి ముందుకు పెట్టి పూయించుకున్నాను.

సోమవారం బస్సులో ఎండ పడే వైపు కిటికీ సీటు దొరికింది. వారమంతా అదే. శుక్రవారానికి ఎరుపు పోయి, అచ్చం మార్కాపురం పలక రంగులో ఒక పట్టీ తేలింది. నూగు ఉన్నప్పుడు దగ్గరికొస్తేనే కనిపించేది. ఇది చివరి బెంచీకి కూడా కనిపిస్తుంది.

ఒకటో తరగతి పిల్ల లేచి నా దగ్గరికొచ్చింది. “మేడం, మూతికి ఏందో అంటింది” అని పలక తుడిచే తడిగుడ్డ ఇచ్చింది. ఎగతాళి కాదు, పాపం సాయమే. పెద్దవాళ్ళు నవ్వినా ఓర్చుకునేదాన్నేమో. ఆ గుడ్డ తీసుకొని, బోర్డువైపు తిరిగి, ఏమీ రాయని బోర్డునే తుడిచినాను.

మార్కాపురంలో చర్మం డాక్టరమ్మ చూసింది. “కమిలిన చోట వచ్చిన నలుపు. రుద్దొద్దు, గిల్లొద్దు. నెలలు పడుతుంది.”

“ఎన్ని నెలలు?”

“ఎండ తగిలే కొద్దీ పెరుగుతాయి.”

ఈలోపల మూడు వారాలకే మీసం తిరిగొచ్చింది. ఇప్పుడు మచ్చా ఉంది, మీసమూ ఉంది, ఆ పాత పేరూ వచ్చేసింది.

డాక్టరమ్మ రాసిచ్చిన సన్‌స్క్రీన్ రోజూ బస్సెక్కే పావుగంట ముందు రాసుకోవాలి.