వెలుగెక్కిన చెరుకు

మా వదిన ఏ విషయాన్నీ ఒక్కసారి చూసి చెప్పదు. టీ ఎలా ఉందని అడిగితే రెండో గుక్క తాగేదాకా మనం నోరు మూసుకుని కూర్చోవాలి. ఇల్లు అద్దెకు చూడటానికి వెళ్లిన రోజు, అన్నయ్య అడ్వాన్సు తీసి చేతిలో పట్టుకున్నాక, "ఈ గోడకి రంగు కొత్తది, ఆ గోడకి పాతది. ఎందుకండీ?" అని అడిగింది. చెమ్మ కప్పెట్టిన ఇంటి యజమాని నీళ్లు నమిలాడు. ఆఫీసులో ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఆమె ముందే అంటారు. ఆమె కూడా పలుకుతుంది.

ఆమె పని వరదల ఆఫీసులో. ఉపగ్రహం తీసిన రెండు బొమ్మలు, ఒకే పొలాలవి, ఒకటి ముందుది ఒకటి తర్వాతది, తెర మీద పక్కపక్కన పెట్టుకుని ఏం మారిందో చెప్పాలి. ఎక్కడ నీళ్లు నిలిచాయి, ఎక్కడ పంట ఉంది, ఎక్కడ పోయింది. ఆమె చెప్పింది నిజమో కాదో పొలానికి వెళ్లి చూసి ఫొటో పంపే కాంట్రాక్టు పని నాది. కాలేజీ మధ్యలో వదిలేసిన నాకు కుర్చీలో కూర్చునే పని పడదు. బండి మీద తిరిగే పని కాబట్టి చేస్తున్నాను. వదిన నా పై అధికారి కూడా. ఇంట్లో తిట్టినదానికి ఆఫీసులో సంజాయిషీ అడగొచ్చు, ఆఫీసులో తిట్టినదానికి ఇంట్లో అడగకూడదు. అది మా ఒప్పందం.

ఆ వానాకాలంలో ఒక పొద్దున నేను ఆఫీసుకి వెళ్లేసరికి గదిలో ఎవరూ కూర్చుని లేరు. కాలువ నిండు మీద ఉంది. ఇంకా పైనుంచి వస్తోంది. కాలువ కట్ట పల్లంగా ఉన్నది ఒక్కచోటే, మా వీధి వెనక. పొంగితే ముందు మా ఇళ్లలోకే వస్తుంది. అది రాకుండా ఉండాలంటే పక్క గేటు తెరిచి నీళ్లను చెరుకు తోటలోకి వదలాలి. తోట పెద్దది, పల్లం, బోలెడు నీళ్లు పడతాయి. కానీ తోటకు అవతల సన్నటి మట్టికట్ట ఉంది. ఆ కట్ట కింద చెరుకు కొట్టడానికి వచ్చిన కూలీల పాకలున్నాయి. తోట ఖాళీగా ఉంటే అందరూ బతికిపోతారు. తోట ఇప్పటికే నిండి ఉంటే వదిలిన నీళ్లు తిన్నగా కట్ట దాటి పాకల మీద పడతాయి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

గేట్ల ఇంజనీరు చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడు అంతకంటే కాదు. వారం నుంచి సరిగా నిద్రపోని మనిషి.

"పొద్దున్నే ఆ రోడ్డు మీదే వచ్చానమ్మా. చెరుకు నవనవలాడుతోంది. చుక్క నీరు లేదు. గేటు దగ్గర మనుషుల్ని నిలబెట్టాను, మీరు బొమ్మ చూసి ఊఁ అంటే తిప్పేస్తారు."

వదిన ఊఁ అనలేదు. తెర మీద పెట్టిన పాత బొమ్మ వైపు వేలు పెట్టింది.

"ఇది ఎవరు తెరిచారు?"

"మావాడే. ఎందుకు?"

"ఇది ఉపగ్రహం అటువైపు నుంచి చూస్తూ తీసింది. ఇవాళ్టిది ఇటువైపు నుంచి. ఒకే మనిషి కుడి చెంపనీ ఎడమ చెంపనీ పక్కపక్కన పెట్టి, అయ్యో మొహం మారిపోయిందంటే ఎలా సార్?"

ఆమె అదే దారిలో, అదే వైపు నుంచి తీసిన పాత బొమ్మను వెతికి తెరిచింది. తెరుచుకునేలోపు ఇంజనీరు గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాడు. నేనూ తిరిగాను. ఇద్దరం మధ్యలో ఒకసారి గుద్దుకున్నాం.

ఇవి మామూలు ఫొటోలు కావు. మబ్బు పట్టినప్పుడు పైనుంచి కెమెరా పెడితే మబ్బే కనిపిస్తుంది. ఇది రాడార్. ఉపగ్రహం తరంగాన్ని కిందికి పంపుతుంది, అది ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది. ఎక్కువ వస్తే తెలుపు, తక్కువ వస్తే నలుపు. కదలని నీటి మీద పడ్డ తరంగం అద్దం మీద పడ్డట్టు అటు జారిపోతుంది, తిరిగి రాదు. అందుకే వరద నల్లగా కనిపిస్తుంది. కొత్త బొమ్మలో వరి మళ్లన్నీ నల్లబడిపోయాయి. చెరుకు తోట మాత్రం తెల్లగా మెరుస్తోంది.

"చూశారా," అన్నాడు ఇంజనీరు. "నలుపంతా నీళ్లు. చెరుకు తెల్లగా ఉంది. పొడిగా ఉందన్నట్టేగా."

"తెల్లగా ఉంది. అదే నా బాధ. పాత బొమ్మలో ఇంత తెల్లగా లేదు."

"ఉంటే ఏంటి?"

"ఈ రాడార్ తరంగం పొడవుది సార్, ఆకుల్ని దాటి కాడల దాకా పోతుంది. నిలబడ్డ కాడల కింద నీళ్లుంటే, నీటి మీద పడి కాడకి తగిలి, వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. మామూలు కంటే ఎక్కువ వెళ్తుంది. బయట నీళ్లు నల్లగా కనిపిస్తాయి. పంట కింద దాక్కున్న నీళ్లు తెల్లగా కనిపిస్తాయి."

"వానకి తడిసినా మెరుపు పెరుగుతుందని మొన్న మీరే అన్నారుగా?"

"అన్నాను. అందుకే ఈ మెరక మీద చెరుకు చూడండి. ఇదే వయసు, ఇదే వాన. అది కొంచెం వెలిగింది. పల్లం చెరుకు భగ్గుమంది. ఇంకోటి చూడండి, ఈ వెలుగు చేల గట్ల దగ్గర ఆగలేదు. గట్లను అడ్డంగా కోసుకుంటూ పల్లం ఎలా పోతే అలా పోయింది. మనిషి పెట్టిన తడయితే గట్టు దగ్గర ఆగుతుంది. నీళ్లకి గట్టు ఎవరిదో తెలీదు కదా."

ఫోను మోగింది. గేటు దగ్గరి వాళ్లు. తిప్పమంటారా అని. ఇంజనీరు ఫోను చెవికి పెట్టుకుని వదిన వైపు చూశాడు.

"నేను కళ్లతో చూశానమ్మా. మీరు గాల్లోంచి వచ్చిన బొమ్మ చూసి చెప్తున్నారు. మీది తప్పయితే మునిగేది మీ వీధే."

"నా వీధే సార్. మా ఆయన నైట్ డ్యూటీ దిగి అక్కడే గుర్రుపెడుతున్నాడు. ఫ్రిజ్జుకి ఇంకా కంతులు కడుతున్నాం." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "మీరు రోడ్డు మీంచి చూశారు. ఒక్కసారి తోటలోకి దిగి చూడండి. అంతవరకూ గేటు ముట్టుకోనివ్వకండి. నాకు ఇంకేమీ వద్దు."

ఇంజనీరు ఫోనులో "ఆగండి" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో మెడ నరాలు చూస్తే తెలిసింది.

ఇంజనీరూ నేనూ జీపులో బయల్దేరాం. రోడ్డు పక్కన ఆపితే తోట నిజంగానే నవనవలాడుతోంది. మనిషికి మించిన ఎత్తు. నీళ్ల జాడ లేదు. ఆయన ప్యాంటు మడిచి దిగాడు. మొదటి వరసల్లో బురద, అంతే. ఆయన నా వైపు తిరిగి చూసిన చూపుకి నాకు వదిన మీద కోపమొచ్చింది. ఫోను చేశాను.

"బురదే ఉంది వదినా. నీళ్లు లేవు."

"ఎంత లోపలికి వెళ్లారు?"

"ఐదారు వరసలు."

"అది రోడ్డు కోసం పోసిన మట్టి బాబూ. ఇంకా వెళ్లండి. నేల దిగేదాకా వెళ్లండి."

వెళ్లాం. ఆకులు మొహం మీద గీరుతున్నాయి. ముందు బురద చీలమండకి వచ్చింది. తర్వాత చప్పుడు మారింది. చిత్తడి చప్పుడు పోయి నీటి చప్పుడు వచ్చింది. మోకాలు. తొడ. ఇంజనీరు ఒక చెరుకు విరిచి లోతు పెట్టి చూశాడు. నడుమెత్తు దాకా మునిగింది. తోట లోపల గాలి లేదు, నీళ్లు కదలడం లేదు, పైన ఆకులు పచ్చగా ఊగుతున్నాయి. తోట పక్క మురుగు కాలువ నీరు పోవాల్సిన చోటికి పోలేక వెనక్కి ఎగదన్ని, నెమ్మదిగా ఇక్కడ చేరింది. ఎవరికీ చెప్పకుండా.

అవతల కట్ట ఎక్కాం. నీరు కట్ట అంచుకి జానెడు కింద ఉంది. కట్టకు అటువైపు, మా పాదాల కంటే కింద, పాకల కప్పులు. పొయ్యి మీంచి పొగ. ఒక ముసలామె బిడ్డకు తల తుడుస్తోంది. మమ్మల్ని చూసి, "ఏం బాబూ, దారి తప్పారా?" అని అడిగింది.

ఇంజనీరు ఫోను తీసి, "గేటు తెరవొద్దు. తాళం వేసి ఇటు రండి. పాకలు ఖాళీ చేయించాలి," అన్నాడు. తర్వాత నాతో, "మీ వదినకి చెప్పు," అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు.

చెప్పాను. "సరే," అంది. "మీ అన్నయ్యని ఫోను చేసి లేపు. ఇంటింటికీ చెప్పించు. పైకి మోయగలిగినవి మోయండి."

సాయంత్రానికి కాలువ పొంగింది. ఇసుక బస్తాలు కొంతసేపు ఆపాయి, కొంతసేపే. మా వీధిలో మనుషులంతా మేడల మీదికి ఎక్కేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇళ్లలో మాత్రం మోకాలి పైకి వచ్చింది. ఎదురింటి పిన్ని కుట్టు మిషన్లు మూడూ మునిగాయి. ఆమె బతుకంతా వాటి మీదే. బరువు, మోయలేకపోయారు. అన్నయ్య ఫ్రిజ్జును మంచం మీదికి ఎక్కించి, అది మంచంతో సహా ఒరిగిపోతుంటే, "నువ్వూ పడుకుంటావా తల్లీ," అన్నాడట.

నీరు తీశాక కొత్త బొమ్మ వచ్చింది. వదిన మళ్లీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. మిగతా తోటలో వెలుగు తగ్గినా ఒక ముక్కలో తగ్గలేదని నన్ను తోట పడమటి కొసకు పంపింది. అక్కడ చెరుకు ఆలస్యంగా నాటింది, పొట్టిది, వరసల మధ్య నేల కనిపించేంత పలచన. చుట్టూ గట్టు గట్టిగా ఉంది, గేటు నీరు ముందు వచ్చేదీ అక్కడికే. అడుగున నీరు నిలిచిన గుర్తే లేదు, కాడల మీద బురద చార లేదు. ఫొటోలు పంపాను.

"ఇది నిండలేదు," అంది వదిన. "ఈ ముక్కలో వెలుగు తడి నేలది. నేను దీన్ని కూడా నీళ్లలో కలిపేశాను. ఇక్కడికి కొంత వదిలి ఉంటే మన వీధిలో ఒక జానెడు తగ్గేది."

రిపోర్టులో రాసింది. ఇంజనీరు చదివి తలపట్టుకున్నాడు. "ఎవరూ అడగలేదమ్మా. ఆ రోజు మీరు లేకపోతే నేను మొహం ఎక్కడ పెట్టుకునేవాణ్ణి? దీన్ని తీసేయండి."

"తీస్తే వచ్చే ఏడు, నీళ్లున్నాయని నేను బొమ్మ మీద గీసిన ఈ గీతే చూసి ఇదే చెప్తారు సార్."

రిపోర్టుతో ఆగితే బాగుండేది. ఆ సాయంత్రం పిన్ని వాకిట్లో మిషను విప్పి తుప్పు తుడుస్తుంటే వదిన వెళ్లి పక్కన కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను.

"కూలీలు బతికారుగా, పోనీలే," అంది పిన్ని. మనసులో మాట కాదు, కానీ అంది.

"పిన్నీ, ఒక సంగతి. నేను ఒక ముక్క తప్పు చదివాను. లేకపోతే మీ ఇంట్లో జానెడు తక్కువ వచ్చేది."

పిన్ని చేతిలో గుడ్డ ఆగింది. మిషను వైపు చూసింది. మోటారు ఉండే ఎత్తు వైపు చూసింది. గోడ మీద నీటి చార దానికి సరిగ్గా జానెడు పైన ఉంది.

"ఆ సంగతి నాకెందుకు చెప్పావే?" అంది.

వదిన లేచి వచ్చేసింది. పిన్ని ఇప్పటికీ మాతో మాట్లాడదు, పాలవాడు పొరపాటున మా గుమ్మంలో పెట్టిన ఆమె ప్యాకెట్టు కూడా మా చేత్తో ఇస్తే తీసుకోదు. ఎందుకు చెప్పావు, ఎవరడిగారు అని నేను చాలాసార్లు గొడవపడ్డాను. వదిన విని వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆఫీసులో మాత్రం, ఆ తోట బొమ్మ తెరిచినప్పుడల్లా, పడమటి ముక్క చుట్టూ వేరే రంగుతో గీత గీస్తుంది.