ఎవ్వరూ చావని నవల

మా మనవరాలు ఇక్కడే సికింద్రాబాదులో ఒక ఆసుపత్రిలో నర్సు. మొన్న డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా పుస్తకాల బీరువా ముందు చతికిలబడింది. "అమ్మమ్మా, ఏడిపించని లవ్ స్టోరీ ఒక్కటి ఇవ్వవా? ఎవ్వరూ చావొద్దు, ఎవ్వరూ విషం తాగొద్దు. దినమంతా అదే చూసొస్తున్న, ఇంటికొచ్చి సుత అదేనా?" అంది. నేను వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా పొయ్యి మీద పాలు పెట్టాను. సరిగ్గా ఇలాంటి నవలే అడిగిన మనిషిని నేను నా పంతొమ్మిదో ఏట చూశాను. ఆమె కోసం అలాంటి నవల ఒకటి తయారైంది కూడా. దాన్ని పాడు చేసింది నేనే.

అప్పుడు మేం బోయిన్‌పల్లికి పోయే దారిలో ఒక సందులో ఉండేవాళ్లం. నాన్న కంటోన్మెంటులో గుమాస్తా. అమ్మ నా చిన్నతనంలోనే పోతే, భర్త పోయిన మా మేనత్త వచ్చి ఇల్లు చూసుకుంది. అత్తమ్మ పొద్దున ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేది, మధ్యాహ్నం అద్దెకు తెచ్చిన నవలలు చదివేది. మా పెరటి గోడకు చిన్న తలుపు ఉండేది. దాని అవతల ఇంట్లో ఆపా ఉండేది; ఉర్దూలో అక్క అని, నేను అలాగే పిలిచేదాన్ని. ఆమె ఓరుగల్లు దిక్కు పుట్టి పెరిగింది. ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడడమే వచ్చు. ఆమె భర్త సర్కారు కరోడ్‌గిరిలో, అంటే సరిహద్దు దాటే సరుకు మీద సుంకం వసూలు చేసే శాఖలో పనిచేసేవాడు. రాజ్యానికి పడమటి అంచున ఎక్కడో ఒక నాకాలో, అంటే తనిఖీ చౌకీలో ఉండేవాడు. రెండు నెలలకోసారి వచ్చేవాడు. వచ్చిన రోజు ఆ ఇంట్లోంచి మసాలా వాసన మా పూజగది దాకా వచ్చేది. నాన్న ముక్కు మూసుకుని, మళ్లీ కాసేపటికి వదిలేసేవాడు.

రజాకార్ల లారీలు తిరిగిన రోజుల్లో మేం తలుపులు బిగించుకుని కూర్చుంటే, ఆపా ఆ చిన్న తలుపులోంచి వచ్చి మా గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. "నేనుండంగ మీ గడప ఎవడు తొక్కుతడు?" అనేది. ఆ తర్వాత సెప్టెంబరులో అయిదు రోజుల్లో అంతా తారుమారైంది. పోలీసు చర్య అన్నారు. వచ్చింది మాత్రం సైన్యం. మా సందులో మిఠాయిలు పంచారు. భయం గోడ దూకి అవతలికి వెళ్లింది, అంతే. పడమటి జిల్లాల నుంచి, ముసల్మానుల మీద దాడుల గురించి చెప్పరాని కబుర్లు వచ్చాయి. ఆపా భర్త దగ్గర నుంచి ఉత్తరం రాలేదు. ఒక నెల, రెండు నెలలు, దసరా, దీపావళి. నాన్న తనకు తెలిసిన దఫ్తర్లన్నిటికీ అర్జీలు రాశాడు. ఒక్కదానికీ జవాబు లేదు.

మధ్యాహ్నాలు గడవక ఆపా మా ఇంటికి వచ్చి, అత్తమ్మ చదివే నవలలు చదివి వినిపించమనేది. మూడు నవలలు వింది. మొదటిదానిలో నాయిక నూతిలో పడింది. రెండోదానిలో నాయకుడికి క్షయ. మూడోదానిలో సవతి తల్లి పాలల్లో ఏదో కలుపుతుండగా ఆపా చెయ్యెత్తి ఆపింది.

"అక్కా, జెర ఏడుపు లేని కిస్సా లేదా? ఇద్దరు మంచోళ్లు ఒకల్నొకలు చేసుకునేది. గంతే."

"గంతేనా? నడుమ ఏం జరగొద్దా?"

"జరగాలె. ఏం జరగకుంటె నిద్రొస్తది. కాని చెడ్డది జరగొద్దు."

ఆ వాక్యం మీద అత్తమ్మ వారం రోజులు ఆలోచించింది. తర్వాత బడి నుంచి నోటుబుక్కు తెచ్చి రాయడం మొదలుపెట్టింది. నాది మంచి దస్తూరీ కాబట్టి సాఫు ప్రతి రాసే పని నాది. అలా ఆమె ఆ నవలను ఎలా కట్టిందో దగ్గర్నుంచి చూశాను. నాయిక ఒక కంపౌండరు కూతురు, కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది. నాయకుడు రైల్వేస్టేషనులో టిక్కెట్లిచ్చే గుమాస్తా. మొదటిసారి కోటు గుండీ ఊడిందని వస్తాడు. తర్వాత ప్రతి వారం ఇంకో గుండీ ఊడుతుంది. అయిదో అధ్యాయంలో ఆమె దారం కొస చూస్తుంది. అరిగి తెగిన దారం పీచుపీచుగా ఉండాలి కదా, ఇది కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది. అతనే కోసుకొస్తున్నాడని ఆమెకు తెలిసింది; ఆమెకు తెలిసిందని మనకు తెలుసు, అతనికి తెలియదు. తొమ్మిదో అధ్యాయంలో గానీ ఆమె నోరు విప్పదు. ఆ నాలుగు అధ్యాయాలూ ఆపా పైట నోట్లో కుక్కుకుని నవ్వింది.

అదెంత కష్టమైన పనో నాకప్పుడు తెలియలేదు. దుర్మార్గుడుంటే కథ వాడే లాగుతాడు. వాడు లేనప్పుడు ప్రతి ఘట్టంలోనూ ఎవరికో ఒక చిన్న కోరిక ఉండాలి, దానికో చిన్న అడ్డు ఉండాలి, ఆ అడ్డు మనుషుల మంచితనంలోంచే రావాలి. అత్తమ్మ కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. అపార్థం ఒక అధ్యాయం దాటి బతకకూడదు, ఎవరో ఒకరు వెళ్లి మొహం మీద అడిగెయ్యాలి. అత్తగారు గయ్యాళిగా మాట్లాడవచ్చు గానీ అన్నం పెట్టే చెయ్యి మాత్రం వెనక్కి తియ్యకూడదు. ఇద్దరూ కలుస్తారని మొదటి పేజీల్లోనే తెలిసిపోవాలి. కలుస్తారా అని కాదు, ఎలా కలుస్తారా అని చదవాలి. అతను ఆమె చెయ్యి తాకేది పద్నాలుగో అధ్యాయంలో, అదీ వానలో గొడుగు అందించుకుంటూ. అప్పటిదాకా ప్రేమంతా గమనించడంలోనే. ఆమె టీలో చక్కెర వేసుకోదని అతనికి గుర్తుండడం, అతను మెట్టు దిగేటప్పుడు ఎడమకాలు జాగ్రత్తగా వేస్తాడని ఆమె చూడడం. ప్రతి అధ్యాయం పుస్తకం మూసి నిద్రపోగలిగిన చోట ఆగాలి. "వినేదాన్ని నిద్ర పోనిచ్చేటట్టు రాయాలె. మేల్కొలిపేటోళ్లు శానమంది ఉన్నరు," అనేది అత్తమ్మ.

పదిహేడో అధ్యాయంలో నాయకుణ్ణి ఆరు నెలలపాటు దూరపు స్టేషనుకు బదిలీ చేస్తారు. అది విని ఆపా గాజులు సర్దుకుంటూ కూర్చుంది. "వస్తడు గదా అక్కా?" అంది.

"వస్తడు. ముందే చెప్తున్న గదా."

"ఖసమ్?"

"ఒట్టు," అంది అత్తమ్మ.

అప్పటికే ఆపా తెలుగు అక్షరాలు నేర్చుకుంటోంది. ఆ నోటుబుక్కులే ఆమెకు వాచకం. ఒత్తుల దగ్గర అత్తమ్మను, తెలుగు భాషను కలిపి తిట్టేది. పదిహేడో అధ్యాయం తర్వాత, మిగిలింది తనకు చదివి వినిపించవద్దంది. "అచ్చు కానియ్యి. కడమది నేనే చదువుకుంట. ఆయన వచ్చే ముచ్చట నా కండ్లతోని చదవాలె."

అచ్చు మాట ఎత్తింది నేను. సాఫు ప్రతిని ఆంధ్ర దేశంలోని ఒక ప్రచురణకర్తకు పంపిందీ, ఉత్తరాలు నడిపిందీ నేనే. జవాబు నా చేతికే వచ్చింది. భాష బాగుందట, కథలో కష్టం లేదట. కళ్లు తడవందే పుస్తకం కదలదట. నాయకుడు తిరిగి రాకుండా చేస్తే వెంటనే అచ్చు వేస్తారట. అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, "వద్దని రాయి. తిరిగి పంపమను," అంది.

నేను రాయలేదు. నా ఇంటి మనిషి పేరు అచ్చులో చూడాలన్న ఆశ అనుకున్నాను అప్పుడు. కాదు. ఆ ప్రచురణకర్త చెప్పిందే నిజమని నేనూ నమ్మాను. గుండీలూ గొడుగులూ నాకు ముసలివాళ్ల కాలక్షేపంలా అనిపించేవి. రెండు మధ్యాహ్నాలు అటక మీద కూర్చుని చివరి మూడు అధ్యాయాలు తీసేసి నేనే రాశాను. రైలు పట్టాలు తప్పింది. అతని కోటు మాత్రం ఇంటికొచ్చింది. దానికి అన్ని గుండీలూ ఉన్నాయి. ఆ వాక్యం రాసి నేనే ఏడ్చాను, ఏడ్చి మురిసిపోయాను. చాలా గొప్పగా వచ్చిందనుకున్నాను. వాటినే పంపి, అత్తమ్మతో మాత్రం ఉన్నది ఉన్నట్టే అచ్చు వేస్తున్నారని చెప్పాను. ఇప్పుడు తలుచుకున్నా అది బాగా రాసిన వాక్యమే. అదే నాకు అసహ్యం.

పుస్తకాలు మరుసటేడు వచ్చాయి. అత్తమ్మ బడిలో ఉంది. మూట విప్పి మొదటి ప్రతిని చిన్న తలుపులోంచి తీసుకెళ్లి ఆపా చేతిలో పెట్టాను. ఆమె స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చదవడానికి కూర్చుందని వాళ్ల పనిమనిషి తర్వాత చెప్పింది. ఆ పూట నాకు భయం కూడా వెయ్యలేదు. మెచ్చుకుంటుందనే అనుకున్నాను. అసలు ఆ క్షణంలో ఆమె భర్త నాకు గుర్తుకే రాలేదు. ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఈ ఒక్క సంగతి నాకే నమ్మబుద్ధి కాదు.

మర్నాడు ఆపా వచ్చింది. మెడలో నల్లపూసలు లేవు. చేతులకు గాజులు లేవు. అత్తమ్మ వాకిట్లో నిలబడిపోయింది. ఆపా పుస్తకం గట్టు మీద పెట్టింది.

"నీకు ముందే తెలుసా అక్కా? నాతోని చెప్పలేక గిట్ల రాసినవా?"

అత్తమ్మ పుస్తకం తీసి చివరి పేజీలు తిప్పింది. చదువుతుంటే ఆమె మొహం నేను చూశాను. తర్వాత ఆమె నా వైపు చూసింది, ఒక్కసారే. నేను నోరు విప్పవలసిన క్షణం అది. విప్పలేదు.

"నాకేం తెల్వదు చెల్లె. తప్పయింది," అంది అత్తమ్మ.

"ఒట్టేసినవు గదా," అంది ఆపా. కోపంగా కాదు, లెక్క తప్పిన పిల్ల టీచరును అడిగినట్టు. వెళ్లిపోయింది. చిన్న తలుపు అటువైపు నుంచి గడియ పడింది. నెల తిరక్కుండానే ఆమె తమ్ముడొచ్చి ఓరుగల్లు తీసుకుపోయాడు. భర్త కబురు ఎప్పుడూ రాలేదు, బతికున్నాడనీ రాలేదు, లేడనీ రాలేదు. ఆమె ఇంకెన్నేళ్లు ఎదురుచూసేదో, ఆ ఎదురుచూపు ఆమెకు మేలు చేసేదో కీడు చేసేదో నాకు తెలియదు. దాన్ని ఆపే హక్కు మాత్రం నాది కాదు.

అత్తమ్మ నన్ను తిట్టలేదు. అన్నం పెట్టడం మానలేదు. రాయడం మానేసింది. ఏళ్ల తర్వాత, ఆమె మంచం పట్టినప్పుడు, నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు రాసినవని చెప్తె ఆమెకు మనిద్దరం పోతుంటిమి. ఇప్పుడు నేనొక్కదాన్నే పోయిన," అంది, గోడవైపు తిరిగి. మరి ఆపాకు నేనెక్కడ మిగిలానని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇప్పుడు నేను ఆపా వయసు దాటి, అత్తమ్మ పోయిన వయసు కూడా ఎప్పుడో దాటి వచ్చేశాను. వాకిట్లో నోరు విప్పకుండా నిలబడ్డ ఆ పంతొమ్మిదేళ్ల పిల్లకు మాత్రం ఇన్నేళ్లలో ఒక్క రోజు వయసు కూడా పెరగలేదు.