పిడకల మధ్య నవ్విన మొహం

నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం నమ్మమని మా అక్క ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ముందే చెప్పేది. ఇది మాత్రం కొట్టేయక్కర్లేదు. కొట్టేద్దామన్నా కుదరనిది.

పంతొమ్మిది వందల యాభైల్లో మా బావ చోడవరంలో బట్టల సబ్బు చేసేవాడు. రోలుగుంట రైతు దగ్గర పాత బెల్లం పెనం కొని, ఇంటి వెనక పాకలో దాంట్లోనే నూనె, సోడా కాచేవాడు. సబ్బు మంచిదే. దాని నురగలో పడి ఒక దూడ తప్పిపోయిందని నేను ఊరంతా చెప్పాను. అయినా నాలుగు ఊళ్ళ సంతలు దాటి అమ్ముడుపోలేదు.

అప్పుడు విశాఖపట్నం నుంచి ఒక పబ్లిసిటీ కంపెనీ మేనేజరు వచ్చాడు. రోడ్డు పక్క గోడల మీద బొమ్మలు వేస్తామన్నాడు, టూరింగ్ టాకీసులో స్లైడు ఆడిస్తామన్నాడు. మూడు నెలల్లో అమ్మకం రెట్టింపవుతుందని ఉత్తరం రాసి ఇచ్చాడు. ఆ ఏడాది నూనె కొనడానికి దాచిన డబ్బంతా బావ అతని చేతిలో పెట్టాడు.

వానల మధ్య తెరిపి చూసి పెయింటర్లు వచ్చారు. కె.కోటపాడు దాకా మంచి గోడలన్నీ ఖాళీగా దొరికాయి. ఒక్కో గోడ మీద నవ్వుతున్న ఆడమనిషి మొహం, పక్కన సబ్బు, కింద పేరు. వానలు వెలిసి ఎండ కాసింది. ఆ గోడలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఏటా ఎండ రాగానే ఆడవాళ్ళు పిడకలు కొట్టేది వాటి మీదే.

మూడు నెలలైనా ఒక్క కొత్త కొట్టు నుంచీ సరుకు కావాలని కబురు రాలేదు. స్లైడు వేసేది ఇంటర్వెల్లో. జనమంతా బయట బీడీలు కాల్చేవాళ్ళు. ఫీజు వెనక్కివ్వమని బావ ఉత్తరం రాస్తే మేనేజరు బస్సులో దిగాడు.

"నువ్వు నోరిప్పకు. దూడా గీడా అన్నావంటే మన కేసు పోతాది," అన్నాడు బావ నాతో.

ముగ్గురం గోడలు చూడడానికి వెళ్ళాం. మొదటి గోడ దగ్గర ఒక ముసలమ్మ పిడకలు కొడుతోంది. గోడ నిండా పిడకలే. మధ్యలో ఆ మొహం ఒక్కటే నవ్వుతోంది.

"ఏటమ్మా, మా సబ్బు మీద కొట్టేసేవు?" అన్నాడు బావ.

"మరెక్కడ కొట్టమంటావు బాబూ? ఎండ తగిలే గోడ ఇదొక్కటే. ఆ యమ్మి మొగం మీద సెయ్యేసేనేటి? మొగం మీద పేడెలా కొడతాం?"

ముందుకు వెళ్ళాం. ప్రతి గోడ మీదా అంతే. సబ్బూ లేదు, పేరూ లేదు. మొహం మాత్రం ఉంది.

"చూశారా, బొమ్మ ఉంది కదండీ," అన్నాడు మేనేజరు.

"ఎవరిదయ్యా బొమ్మ? ఈవిడ కొత్త సినిమా ఎప్పుడొస్తాదని నన్ను అడుగుతన్నారు!" అన్నాడు బావ.

పాకలోకి వచ్చి కూర్చున్నాం. మేనేజరు లెక్క చెప్పాడు. స్లైడు డబ్బు టాకీసు వాళ్ళకి చేరిపోయింది, వెనక్కి రాదు. అమ్మకం రెట్టింపు అన్నది కంపెనీ ఆశ, హామీ కాదు.

బావ అతని ఉత్తరం తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. "గోడలు మూడు నెలలు కనబడేలా సూసుకుంటామన్నావు. ఇది కూడా ఆశేనా?"

మేనేజరు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. చివరికి, గోడలన్నీ ఉచితంగా మళ్ళీ వేయిస్తానన్నాడు.

"మళ్ళీ పిడకలకేనా? డబ్బియ్యి బాబూ. నూనె కొనుక్కోవాలి."

గోడల కూలిలో సగం వెనక్కి ఇస్తాను, అంతకు మించి నా చేతిలో లేదన్నాడు. కోర్టు మా ఊళ్ళోనే ఉంది. కానీ తీర్పు వచ్చేదాకా పొయ్యి ఆరి ఉండాలి, వకీలుకి ముందే ఇవ్వాలి. ఇక ఏ బాకీ లేదని బావ స్టాంపు మీద సంతకం పెట్టాడు. ఆ డబ్బుకి ఒక్క వాయికి సరిపడే నూనె కూడా రాదని ముగ్గురికీ తెలుసు.

మేనేజరు బస్సెక్కాక అక్క పాక గుమ్మంలోకి వచ్చింది. "ఏటన్నాడు?"

బావ పెనం అంచు గోకుతున్నాడు. "చెరుకు కాలం వస్తంది. రోలుగుంట ఆయన్ని పెనం తీసుకుపొమ్మని సెప్పు," అన్నాడు.

మళ్ళీ బెల్లం కాచడానికి పెనం బండెక్కింది. బావ ఆ ఏడాది నుంచి పరాయి కొట్టులో తూకం వేసేవాడు. ఆ సంక్రాంతికి రోలుగుంట బెల్లంతో చేసిన అరిసెలు నమిలితే నోట్లోంచి నురగ వచ్చిందని, ఒకాయన నవ్వితే బుడగలు లేచాయని నేను చెప్పాను. అక్క సగం కొట్టేయమనలేదు. బావ ఒక అరిసె ముక్క చేతిలోకి తీసుకుని, వాసన చూసి, పక్కన పెట్టేశాడు.